రాయకోట దిగుడూ, విప్పని ముడీ

ముందు నా కుడి కాలి చీలమండ గురించి చెప్పుకోవాలి. అది నా ఒంటికే అతుక్కోని ఉన్నా నా మాట ఎప్పుడూ వినింది లేదు. ఒకసారి హోసూరు బస్టాండులో మెట్టు దిగతా ఉంటే మడతపడింది. ఇంకోసారి మెట్టే లేని చోట, మా ఇంటి వసారాలో, నున్నటి నేల మీద మడతపడింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకోని, దూరపు చుట్టం చావుకబురు విన్నవాడి మాదిరి మొహం పెట్టి, "ఇంకోసారి మడతపడితే కత్తి పెట్టాల్సి వస్తుంది" అన్నాడు. ఆ పొద్దు నుంచి నేను భూమిని నమ్మడం మానుకున్నాను.

ఇట్లాంటివాణ్ణి రాయకోట కొండ ఎక్కించింది నా బామ్మర్ది. నా పెండ్లానికి ఒక్కడే తమ్ముడు. హోసూరు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారమైతే ఎవరూ తరమకపోయినా కొండల మీద పరిగెత్తుతాడు. వానలు తగ్గినాక పడమటి కనుమలకు నలుగురిని తీసుకపోతా ఉన్నాడు, నన్నూ రమ్మన్నాడు, ఒక షరతు మీద.

"ముందు రాయకోట ఎక్కి దిగి చూపించు బావా. ఎక్కేది ఎవరైనా ఎక్కుతారు. దిగేదే పరీక్ష."

దానికోసం షూలు కొనడానికి పోయినాం. హోసూరు అంగట్లో మా ఇద్దరికీ జరిగిన వాదం ముందర ఆస్తి పంపకాలు ఏపాటివి! వాడు ట్రెయిల్ రన్నర్లు, అంటే కొండదారుల్లో పరిగెత్తే షూలు, తీసి చూపించినాడు. నిమ్మపండు రంగు, చేతిలో పెడితే పావురం బరువు. అడుగును దోసె మాదిరి మడిచి చూపించినాడు.

"రబ్బరు మెత్తన బావా, తడిరాయిని పట్టుకుంటుంది. పైన జల్లెడ గుడ్డ. నీళ్ళు లోపలికి పోతాయి, మళ్ళా బయటికి వచ్చేస్తాయి."

"నీళ్ళు వచ్చేస్తాయి సరేప్పా, నా చీలమండ వచ్చేస్తుందా?"

నేను ట్రెకింగ్ షూలే కావాలన్నాను. చీలమండ దాటి పైకి వచ్చే పట్టీ, అరిటాకు కాడ మందాన లేసులు, ఎంత వంచినా వంగని అడుగు. వేసుకోని అంగట్లో నాలుగడుగులు వేస్తే అద్దాలు కదిలినాయి. ఒక్కో షూలో ఒక కాపురం పెట్టవచ్చు.

"యుద్ధానికా బావా?"

"నాకు నేలతో యుద్ధమే కదప్పా."

బయలుదేరేటప్పుడు నా పెండ్లాం నన్ను పక్కకు పిలిచి, "వాడిది దూకుడు. మీరు పెద్దోళ్ళు. వాణ్ణి భద్రంగా దించుకోని రండి" అన్నది. నాకు నవ్వొచ్చింది. ఏనుగును చీమకు అప్పజెప్పినట్లుంది. అయినా సరే అన్నాను. పెండ్లాం మాట ఒప్పుకోకపోతే వచ్చే భయంకన్నా కొండ భయం చిన్నదే కదా! గొడుగు కూడా చేతికిచ్చింది. వంపు పిడి ఉన్న పెద్ద నల్ల గొడుగు. దాన్ని చూసి బామ్మర్ది కృష్ణగిరి దాకా వినబడేటట్ల నవ్వినాడు.

ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. ఆయాసం తప్ప. పైన ఒక రాతి మంటపం, దాంట్లో ఎవరో పెట్టిపోయిన దీపం. దండం పెట్టుకోవాలని ఇద్దరం షూలు విడిచినాం. ఎట్ల విడిచినాం? ఒక కాలి బొటనవేలితో ఇంకో కాలి మడమ తొక్కి, తోసేసి. లేసు ముట్టింది లేదు. పగటికి ఇరవై గడపలు తొక్కి, గడపగడపకీ చెప్పులు విడిచే మనకు లేసు అనేది షూ మీద బొమ్మ. కొన్నప్పుడు వదులుగా ఒక ముడి, అదే చివరిదాకా. దండం పెట్టినాం, మళ్ళా కాళ్ళు అట్లనే దూర్చినాం. నా షూ పైన ఉన్న కొక్కీలకు నేను లేసు తగిలించను కూడా లేదు.

అప్పుడు పడింది వాన.

కొండ ఎక్కినప్పుడు ఉన్న రాయి వేరు, వాన పడినాక ఉన్న రాయి వేరు. వచ్చేటప్పుడు బూడిద రంగులో పెద్దమనిషి మాదిరి పండుకోని ఉన్న బండ, ఇప్పుడు నల్లగా, మెరుస్తా, నీళ్ళు కారుస్తా లేచి నిలబడినట్లుంది. దాని అంచు తరువాత ఏముందో కనబడదు. కనబడకపోవడమే అన్నిటికన్నా ఘోరం.

మొదటి అడుగుకే నా ట్రెకింగ్ షూ జారింది. జానెడే. ఆ జానెడులో నా పెండ్లి నుంచి పింఛను దాకా అన్నీ కళ్ళముందర తిరిగినాయి. అడుగున గట్టి రబ్బరు, లోతు పళ్ళు. బురదలో అయితే అవి కొరికి పట్టుకుంటాయి. నున్నటి తడిబండను ఏమని కొరుకుతాయి? నిలబడిన చోటే ఐస్ మీద పెట్టిన బీరువా మాదిరి వణికినాను.

"వెనక్కి వాలొద్దు బావా!" కింద నుంచి బామ్మర్ది అరిచినాడు. "వాలితే జారతావు. బరువు కాళ్ళ మీద పెట్టు. పాదం మొత్తం ఆనించు. చిన్న అడుగులు."

వాడు చకచక దిగతా ఉన్నాడు. వాడి ట్రెయిల్ రన్నర్ల మెత్త రబ్బరు బండను బల్లి మాదిరి పట్టుకుంటా ఉంది. నాకేమో అడుగడుక్కీ పాదం షూ లోపలే ముందుకు జారి, వేళ్ళు పోయి మొనకు గుద్దుకుంటా ఉన్నాయి. చీలమండకు కాపలా అని కొన్న పట్టీ, లేసు బిగించకపోయేసరికి కాలి చుట్టూ గంప మాదిరి ఊగుతా ఉంది. పైగా వాననీళ్ళు పైనుంచి దిగి లోపల నిలిచినాయి. నీళ్ళు రానివ్వని షూ అని అంగడాయన చెప్పింది నిజమే. వచ్చినవాటిని పోనివ్వదు కూడా.

"నీది నీటితొట్టి బావా, చేపలు వదులు!" వాడు వెనక్కి తిరిగి నవ్వినాడు.

ఆ నవ్వు పూర్తి కాలేదు. నీళ్ళు కారే చోట పచ్చగా పాచి ఉంది. పాచి మీద మెత్త రబ్బరూ లేదు, గట్టి రబ్బరూ లేదు. వాడి కుడి కాలు జారింది, పాదం పైకి లేచింది, వదులు ముడి షూ అట్లనే కాలు నుంచి ఊడి, బండ మీద జర్రున జారి, కింద అంచుకు ముందర ఉన్న ఒక చిన్న పొదలో చిక్కుకోని నిలిచింది. వాడు చతికిలపడి రెండు చేతులతో బండను పట్టుకున్నాడు.

వాడి మొహంలో నవ్వు లేకపోవడం నేను చూసింది అదే మొదటిసారి. నాకు కొండ భయం పోయింది. దానికన్నా పెద్దది వచ్చింది.

"కదలొద్దప్పా. ఆడనే ఉండు."

"షూ తెచ్చుకుంటా బావా. అంతే. రెండు అడుగులు."

"ఆ అడుగుల తరువాత ఏముందో చూసినావా?"

"కింద అంతా పగిలిన రాళ్ళు, ముండ్లు. ఒట్టి కాలితో ఎట్ల దిగేది?"

పిర్రల మీద జరిగి వాడి దగ్గరికి చేరి నా షూ ఒకటి తీసి ఇచ్చినాను. వాడి పాదం నాకన్నా పెద్దది, వేళ్ళు దూరి మడమ బయటే నిలిచింది. మళ్ళా నేనే తొడుక్కున్నాను. ఇంతలో వాడు పిర్రల మీద జరగను మొదలుపెట్టినాడు. దూకుడు మనిషి. వాళ్ళక్క ఊరికే చెప్పలేదు.

"ఆగరా!" పాతికేండ్లలో వాణ్ణి నేను 'రా' అనింది అదొక్కసారే. వాడు ఆగినాడు.

బండకు అడ్డంగా ఒక చీలిక ఉంది, బొటనవేలు దూరేంత లోతు. దాని పైన నేను కూసున్నాను, రెండు షూల మడమలూ ఆ చీలికలో దిగ్గొట్టినాను. వంగని అడుగు అప్పుడు పనికొచ్చింది. గోడలో కొట్టిన మేకు మాదిరి నిలిచినాయి. వాడు నా మడిచిన గొడుగు తీసుకోని, బోర్ల పండుకోని, తల కిందికి పెట్టి జరిగినాడు. వాడి రెండు చీలమండలూ నా చేతుల్లో. ఒకటి షూతో, ఒకటి తడి మేజోడుతో.

"గొడుగుతో అందుకో."

వాడు గొడుగును మొన వైపు పట్టుకోని, వంపు పిడిని కిందికి చాపినాడు. పిడి పొదను తాకింది, షూ కదిలింది, ఇంకొంచెం అంచుకు పోయింది.

"ఇంకా జానెడు వదులు బావా."

"వదలను."

"జానెడే."

"పోతే పోనీ షూ!"

"బావా, నన్ను నమ్ము."

నేను నమ్మనిది వాణ్ణి కాదు. నా చేతులను. వానకు నానిన మేజోడు సబ్బు మాదిరి జారతా ఉంది. దేవుళ్ళను పిలిచినాను. పేర్లు అయిపోతే మళ్ళా మొదటినుంచి పిలిచినాను. నడుము కొంచెం ముందుకు వంచి, వేళ్ళు తెల్లబడేటట్ల పట్టుకోని, జానెడు వదిలినాను. నా మడమల కింద రాతిపొడి కరకర అనింది. ఆ చప్పుడు ఇప్పటికీ బియ్యం చెరిగేటప్పుడు వినబడుతుంది.

"చిక్కింది!"

వాణ్ణి పైకి లాగినాను. గొడుగు పిడి వంకర సగం విప్పుకోని ఉంది. వాడు షూ ఒళ్ళో పెట్టుకోని, ముడి వైపు చూసినాడు. కొన్న పొద్దు వేసిన ముడి. దాన్ని ఎప్పుడూ విప్పింది లేదు. నేను విప్పినాను.

మడమను వెనక్కి తట్టి, పాదం మడత దగ్గర లేసును బిగించి, చివరి రంధ్రం దాకా ఎక్కించి కట్టినాం. నాకు కొక్కీలన్నిటికీ. లేచి నిలబడితే వేళ్ళు మొనకు తగల్లేదు. చీలమండ చుట్టూ ఉన్న గంప, పట్టీ అయింది. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద కొండా!

అయినా భయం మాతోనే దిగింది. బండ మీద వాడు ముందర, నా ప్రతి అడుగుకూ చోటు చూపిస్తా. బండ దాటి పగిలిన రాళ్ళలోకి వచ్చేసరికి వాడు నెమ్మదించినాడు. పలచని అడుగులోంచి రాళ్ళ మొనలు గుచ్చుతా ఉన్నాయి. "బావా, నువ్వు ముందర పో" అన్నాడు. నా బీరువా షూలు ఆ మొనలను లెక్కచేయలేదు. కదిలే రాయి ఏదో నిలిచే రాయి ఏదో తొక్కి చూసి చెప్తా పోయినాను. కొండ కింది రైల్వే లైను కనబడేదాకా ఎవరి షూ మంచిదని ఎవరమూ అడగలేదు.

ఇంటికొచ్చి గడప ముందర నిలబడినాం. అలవాటుగా మడమ తొక్కినాను. ఊడలేదు. వాడిదీ ఊడలేదు. తడిసి ముడులు రాయి అయిపోయినాయి. ఇద్దరం మెట్టు మీద కూసోని గోళ్ళతో పెరుకుతా ఉంటే నా పెండ్లాం తలుపు తెరిచింది.

"ఏమి, లోపలికి రాకుండా ఆడ తపస్సా? ఎప్పుడూ తోసేసి వచ్చేవాళ్ళే కదా?"

"ఏమీ లేదక్కా."

ఆమె గొడుగు వైపు చూసింది. గీసుకపోయిన వాడి మోచేతుల వైపు చూసింది. చివరకు నా వైపు చూసింది. నేను గొప్పలు చెప్పుకునే రకం. ఆ పొద్దు తల వంచి ముడినే పెరుకుతా కూసున్నాను. ఆమె లోపలికి పోయి తల పిన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది.

నా ముడి పక్కన పెట్టి ముందు వాడిది విప్పడానికి వంగినాను. కాలు కదలకుండా వాడి చీలమండ పట్టుకున్నాను.

"వదలచ్చు బావా, ఇల్లు వచ్చింది" అన్నాడు వాడు మెల్లగా.

ముడి విడిపోయినాక కూడా ఇంకొంచెంసేపు పట్టుకోనే ఉన్నాను.