కింది ముడత అని చెప్పిన మేస్త్రమ్మ

మేస్త్రమ్మ పోయిందని మొన్న బుధవారం ఉదయం ఫోన్ వచ్చింది. ఆమె కోడలు చేసింది. "అత్త పొద్దున్నే లేవలేదు మేడం. నిద్రలోనే పోయింది. మీకు చెప్పకపోతే ఊరుకోదని చేశా," అని ఏడుస్తూనే అంది. నేను గుంటూరు వెళ్లే బస్సులో ఉన్నాను. తర్వాతి స్టేజీలో దిగి, రోడ్డు దాటి, వినుకొండ వైపు పోయే బస్సు కోసం నిలబడ్డాను. నిలబడ్డ కాసేపూ ఆమె గొంతే చెవుల్లో ఉంది. నాలుగు చేల అవతలికి వినపడే గొంతు అది.

వినుకొండకు ఇవతల ఒక ఊళ్లో ఆమె మిరపకాయ కోసే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. పాతిక మంది ఆమె మాట మీద పొలాలకి వెళ్లేవాళ్లు. ఊరంతా ఆమెను మేస్త్రమ్మ అనేవాళ్లు, చివరికి చర్చి పాస్టరు గారు కూడా. అరెకరం కౌలుకు తీసుకుని సొంతంగానూ మిరప వేసేది. నేను ఆ ఊరికి వ్యవసాయ సహాయకురాలిగా వెళ్లినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. అదే నా మొదటి ఉద్యోగం.

చేరిన రెండో నెలలో జరిగిన సంగతి చెప్పాలి. దాని వల్లే ఆమె నాకు దగ్గరైంది.

ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి పంచాయతీ ఆఫీసు వరండాలో రైతుల సమావేశం పెట్టాను. ముప్పై మంది దాకా వచ్చారు. ఒక రైతు తన చేలోంచి మిరప కొమ్మ తెంపుకొచ్చి నా చేతిలో పెట్టాడు. ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. దారిలో ఎండకు వాడిపోయాయి కూడా. ఆ వారమంతా చుట్టుపక్కల ఊళ్లలో తామర పురుగు చూసి చూసి ఉన్నాను. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దొప్పలాగా అవుతాయి. దాన్ని రైతులు పై ముడత అంటారు. కొమ్మను వెలుతురులోకి ఎత్తి ఒక్కసారి చూశాను.

"ఇది పై ముడత. తామర పురుగు," అని మందు పేరు చెప్పాను. అందరూ రాసుకున్నారు. కొమ్మను ఫోటో తీసి, మందు పేరు కింద రాసి, నాలుగు ఊళ్ల రైతులున్న వాట్సాప్ గ్రూపులో అప్పటికప్పుడే పెట్టాను. ఎంత చురుగ్గా పని చేస్తున్నానో అని నాకే ముచ్చటేసింది.

వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక పెద్దావిడ లేచి నిలబడింది. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది.

"మేడం గారూ, అది పై ముడత కాదండీ. కింది ముడత. ఆకు అంచులు కిందికి తిరిగినయ్, కాడ సాగింది చూడండి. అది నల్లి పని. మీరు చెప్పిన మందు కొడితే నల్లి చావదు, ఇంకా రేగుద్ది."

ఎవరో చిన్నగా నవ్వారు. "ఆకు వాడిపోయింది కదండీ, అందుకని అలా కనిపిస్తోంది," అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే అది జవాబు కాదని నాకు తెలుసు.

ఆమె నాతో వాదించలేదు. "అయితే చేనుకి పోదాం పదండి. ఎంతసేపు, పావుగంట," అంది.

పదిహేను మంది దాకా మా వెంట వచ్చారు. ఆ చేలో ఆమె నాలుగు మొక్కలు చూపించింది. పచ్చి ఆకులు, వాడినవి కావు. అన్నీ బోర్లించిన పడవల్లాగా కిందికి వంగి ఉన్నాయి. ఒక ఆకు తిప్పి అడుగుభాగం మీద నా భూతద్దం పెట్టాను. కంటికి ఆనని తెల్లటి చుక్కలు కదులుతున్నాయి. నల్లి. మంచాల్లో ఉండే నల్లి కాదు, ఆకు రసం పీల్చేది. కాలేజీలో పరీక్షకు బొమ్మ గీసి మరీ రాసిన పాఠం అది.

"ఈమె చెప్పిందే నిజం. నేను చెప్పింది తప్పు. రాసుకున్నది కొట్టేయండి," అన్నాను అక్కడున్న వాళ్లతో. కానీ ఫోనులోది ఇంకా అలాగే ఉంది.

అందరూ వెళ్లాక గట్టు మీద కూర్చుని దాన్ని చెరిపేయబోయాను. పక్కన ఆమె మంచినీళ్లు తాగుతోంది.

"ఏం చేస్తన్నావమ్మాయ్?"

"గ్రూపులోంచి తీసేస్తున్నాను."

"తీసేస్తే, ఈపాటికే చూసి పోయినోళ్లకి ఎట్టా తెలుద్ది? దాన్నట్టా ఉంచి, దాని కిందనే తప్పని రాయి."

రాశాను. ఆమెకు చదివి వినిపించాను. కొమ్మ వాడిపోయి ఉండడం వల్ల, సమావేశంలో సమయం తక్కువగా ఉండడం వల్ల పొరపాటు జరిగిందని అందులో ఉంది.

"ఇది వింటే తప్పు కొమ్మదనిపిస్తంది," అంది.

సిగ్గేసింది. మళ్లీ రాశాను. ఈసారి నన్ను క్షమించమని, ఈ ఉద్యోగానికి నేను తగనేమో అనిపిస్తోందని, ఇంత పెద్ద తప్పు చేసినందుకు తల ఎత్తుకోలేకపోతున్నానని రాశాను. అదీ చదివి వినిపించాను.

ఆమె నా వైపు తిరిగి కూర్చుంది. "ఇదేమో వింటే మేమంతా వచ్చి నిన్ను ఓదార్చాలనిపిస్తంది. మరి చేనుకి ఏం కొట్టాలో ఎక్కడుందమ్మాయ్?"

నిజంగానే అది ఎక్కడా లేదు. రెండుసార్లూ నా గురించే రాసుకున్నాను.

మూడోసారి రాసింది నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది. "ఈ ఉదయం ఈ ఫోటోకి నేను పై ముడత అని రాశాను. అది తప్పు. ఇది నల్లి వల్ల వచ్చే కింది ముడత. నేను చెప్పిన మందు కొట్టకండి. నీటిలో కలిసే గంధకం, ఎండ తగ్గాక, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఇప్పటికే ఆ మందు కొట్టినవాళ్లు నాకు ఫోన్ చేయండి, వచ్చి చేను చూస్తాను. తప్పు గుర్తించి చెప్పింది మన మేస్త్రమ్మ గారు. ఆమెకు ధన్యవాదాలు."

"నా పేరెందుకులే," అంటుందేమో అనుకున్నాను. అనలేదు. "ఆఁ, ఇదీ," అని నీళ్ల సీసా మూత బిగించింది.

పది నిమిషాల్లో ఒక ఫోన్ వచ్చింది. పక్క ఊరి రైతు. మందు ఇంట్లోనే ఉందట. ఉదయం నేను పెట్టిన మొదటి మెసేజి చూడగానే కొట్టేశాడు. "ఇప్పుడు కాదంటే ఎట్టా మేడం? ట్యాంకులు ట్యాంకులు కొట్టా!" అని అరిచాడు. వెళ్లాను. తన చేనంతా తిప్పి చూపిస్తూ అరుస్తూనే ఉన్నాడు. నేను ఒక్క మాటే అన్నాను. "నా మాట విని కొట్టారు. తప్పు నాది. ఇది కుదుటపడే దాకా వస్తాను." నాలుగు వారాలు వెళ్లాను. చేను కొంత తేరుకుంది. మొదటి పూత మాత్రం చాలావరకు రాలిపోయింది. ఆయన నన్ను మెచ్చుకోలేదు, క్షమించాననీ అనలేదు. మరుసటి ఏడాది మాత్రం పురుగు కనిపిస్తే ముందు నాకే ఫోన్ చేశాడు.

తర్వాతి ఆదివారం మేస్త్రమ్మ ఇంటికి వెళ్లాను. అప్పుడే చర్చి నుంచి వచ్చి, పాటల పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి గూట్లో పెడుతోంది. ఆ రోజు మీరు చెప్పకపోతే ఎంత నష్టం జరిగేదో అని మొదలుపెట్టి, చాలా థాంక్సండీ అని ఎన్నిసార్లు అన్నానో. ఆమె చేతులు తుడుచుకుంటూ విని, "చెప్పావుగా గ్రూపులో. ఒకసారి చెప్తే సరిపోద్ది. పదిసార్లు చెప్తే నువ్వింకా ఆ వరండాలోనే కూర్చున్నట్టు," అంది. ఆ పైన టీ పెట్టింది.

మనసులో ఉన్నది అప్పుడు అడిగేశాను. "నన్ను పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా?"

"చెప్పొచ్చు. నీకొక్కదానికే తెలిసేది. రాసుకున్నోళ్లు ముప్పై మంది." టీ గ్లాసు నా చేతికిచ్చి, "నీకు చురుక్కుమంటదని తెలుసు. లేచేముందు అదీ అనుకున్నా," అంది.

అలా అనుకుని లేచిందన్న సంగతి నన్ను చాలా ఏళ్లు కాపాడింది. నన్ను తక్కువ చేయాలని ఆమె లేవలేదు. నేను నొచ్చుకుంటానని తెలిసే లేచింది.

ఆ తర్వాత ఆమె ముఠాతో చాలాసార్లు చేలల్లో తిరిగాను. నడుం వంచి కలుపు తీసేటప్పుడు ఆమె మొహం సరిగ్గా ఆకు అడుగున ఉండేది. మాకు భూతద్దంలో కనిపించేది ఆమెకు ఆకు ఒంపులోనే తెలిసేది. దేన్నీ వేలితో చూపించేది కాదు, గడ్డం ఎత్తి చూపించేది. అన్నం వేళకి వెనకబడిన మనిషి వచ్చే దాకా తన క్యారేజీ మూత తీసేది కాదు.

కొన్నేళ్లకి పూతలో చేరే కొత్త రకం తామర పురుగు మా ప్రాంతానికి వచ్చింది. చేలకు చేలు పూత రాలి బోసిపోయాయి. రైతులంతా బెదిరిపోయి ఉన్నారు. అదే వరండాలో మేస్త్రమ్మ గట్టిగా, "నల్లే ఇది. నా అనుభవంలో చెప్తన్నా, గంధకం కొట్టండి," అంది. ఈసారి లేవాల్సింది నేను.

"కాదు మేస్త్రమ్మా. ఇది నల్లి కాదు," అని నాలుగు పూలు తెప్పించి, తెల్లకాగితం మీద దులిపాను. సన్నటి నల్లటి పురుగులు కాగితం మీద పరిగెత్తాయి.

ఆమె కాగితం దగ్గరికి వచ్చి వంగి చూసింది. నడుం నిలబెట్టి అందరి వైపూ తిరిగింది. "నేను చెప్పింది తప్పు. ఇది పూలో ఉంది, నేను ఆకులో చూశా. గంధకం వద్దు. అమ్మాయి చెప్పేది వినండి." నాతో, "మంచి పని చేశావమ్మా. ఇక చెప్పు, ఏం చేద్దాం?" అని ముందు వరసలోకొచ్చి కూర్చుంది. మొహం చిన్నబుచ్చుకోలేదు, నవ్వి తేలిగ్గా తీసేయనూ లేదు. నేను మూడు చిత్తుప్రతుల తర్వాత చేరుకున్న చోటికి ఆమె ఒక్క అడుగులో చేరింది.

మొన్న బుధవారం బస్సు దిగి సమాధుల తోటకి నేను చేరేసరికి ప్రార్థన మొదలైంది. ముఠా అంతా వచ్చింది. పని మధ్యలో వచ్చిన వాళ్ల చేతులకి ఇంకా మిరప మరకలున్నాయి, కళ్లు తుడుచుకోవాలంటే మోచేతులతో తుడుచుకుంటున్నారు. పాస్టరు గారు కుర్రవాడు, ఆ ఊరికి కొత్త. "ఈ తల్లి ముప్పై సంవత్సరాలు ఈ పొలాల్లో కష్టపడి..." అంటున్నారు.

"నలభై అయ్యగారూ." వెనక నుంచి ఒక ముసలావిడ గొంతు. "నలభై. నేనూ ఆమె ఒక్క రోజే మొదలెట్టాం."

అందరూ తలలు తిప్పారు. పాస్టరు గారు ఆగారు. చేతిలోని పుస్తకం మూసి ఆ ముసలావిడ వైపు చూశారు.

"నలభై సంవత్సరాలు. నేను తప్పు చెప్పాను. మంచిదమ్మా," అన్నారు. అని, ఆ నలభై దగ్గర నుంచే ప్రార్థన మళ్లీ అందుకున్నారు. పాతిక మంది ఆడవాళ్లు ఎర్రబారిన అరచేతులు జోడించి, తలలు వంచుకున్నారు.