కామా బాబాయ్, కామాల్లేని కవిత

మాట్లాడేటప్పుడు కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదివే మనిషి ఆ పేటలో ఒక్కడే. అందుకే ఆయన్ని కూరగాయల బండివాడి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ కామా బాబాయ్ అనేవారు.

ప్రెస్సులో ఆయన పని అదే. ఆయన రాతప్రతిని గుర్తులతో సహా గట్టిగా చదవాలి, ఎదురుగా కూర్చున్నవాళ్లు అచ్చుతీసిన ప్రూఫులో తప్పులు దిద్దాలి. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసిందని అందరూ అనుకునేవారు. "డాక్టరు గారూ కామా నొప్పి ఇక్కడ కామా అక్కడ కాదు ఫుల్‌స్టాప్" అనేవాడు. ఆయన భార్యతో, అంటే పిన్నితో, పోట్లాట వస్తే ఇక చూసుకోవాలి. "ఇంకొక్క మాటన్నారంటే నేనూరుకోను" అని ఆవిడ లేస్తే, ఈయన శ్రద్ధగా ఆవిడ మాటకి "ఆశ్చర్యార్థకం" తగిలించేవాడు. ఆవిడ గరిటె పుచ్చుకుని వెంటపడేది.

ప్రూఫు దిద్దేది ఆయన అన్న కూతురే. తండ్రి లేడు, అమ్మకి నర్సు ఉద్యోగం, బదిలీల మీద బదిలీలు కావడంతో ఆరో ఏటి నుంచీ బాబాయ్ ఇంట్లోనే పెరిగింది. పిల్ల చురుకైనదే గానీ మాట నత్తి. ఆగకుండా వెళ్తే వెళ్లిపోయేది. ఆగిందా, మళ్లీ మొదలెట్టాల్సిన మాట గొంతులో అడ్డంపడి కూర్చునేది.

ఆ రోజు లైబ్రరీవాళ్ల కవితల పుస్తకం ప్రూఫులు వచ్చాయి. బాబాయ్ కళ్లజోడు సవరించుకుని ఒక పేజీ అందుకున్నాడు.

తలుపు తెరిచే ఉంది
పొద్దుటి నుంచి
వాన కురుస్తోంది
ఎవరూ రాలేదు
అనుకున్న అమ్మ
గుమ్మంలో నిలబడి
పిలిచింది నన్ను
వెతుక్కుంటూ
నేనే వెళ్లాను
తలుపు తెరిచే ఉంది

చదివాక ఆయన నాలుక ఖాళీగా ఉండిపోయింది. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.

"ఇదేమిటమ్మా కామా ఒక్క కామా లేదు ఫుల్‌స్టాప్. ఈ కవికి కామాలు కొనుక్కునే స్తోమత లేదా ప్రశ్నార్థకం"

"అది నాదే బాబాయ్" అంది అమ్మాయి. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "సాయంత్రం ఆరింటికి హాల్లో చదవాలట. రాసినవాళ్లే చదవాలి. చదవకపోతే పుస్తకంలోంచి తీసేస్తారట."

గడియారంలో రెండున్నర. ఈ పిల్ల నూటపాతికమంది ముందు నిలబడటమా! కంగారు పడ్డప్పుడు ఆయనకి తెలిసింది ఒకటే పని. పెన్సిల్ చెక్కి గుర్తులు పెట్టడం మొదలెట్టాడు. "పొద్దుటి నుంచి" తర్వాత చుక్క పెట్టాడు.

"అప్పుడు పొద్దుటి నుంచి తెరిచి ఉన్నది తలుపు. వాన ఎప్పుడు మొదలైందో తెలీదు" అంది అమ్మాయి.

చుక్క చెరిపి పైలైను చివర పెట్టాడు.

"ఇప్పుడు పొద్దుటి నుంచి కురుస్తున్నది వాన. తలుపు ఎప్పుడు తెరిచారో తెలీదు."

"మరి నీకు ఏది కావాలి ప్రశ్నార్థకం"

"రెండూ."

బాబాయ్ పెన్సిల్ కొరికాడు. చుక్క ఎటు పెట్టినా రెండో అర్థానికి గేటు వేసేసినట్టే. ఏదీ పెట్టకపోతే ఆ మధ్య లైను పైవాళ్లకీ కిందివాళ్లకీ కూడా చుట్టమే. కింద "వెతుక్కుంటూ" దగ్గరా అదే తంతు. దాని తర్వాత చుక్క పెడితే వెతికింది అమ్మ. ముందు పెడితే కూతురు. చివరి లైను మరీ ఇబ్బంది పెట్టింది. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టి చూసుకుంటే, తెరిచే ఉందన్న తలుపు ధడాలున మూసుకున్నట్టయింది. ఆయనకి నిజంగా బాధేసింది.

"గుర్తుల్లేకుండా రాయడంలో నాకో లాభం కూడా ఉంది బాబాయ్" అంది అమ్మాయి. "ఆగమని ఎక్కడా రాసి లేదు కదా. ఒక్క ఊపిరిలో చదివేస్తా."

చదివింది కూడా. పన్నెండు సెకన్లు పట్టింది.

"బస్సు కండక్టరు స్టాపుల పేర్లు అరిచినట్టుంది" అన్నాడు బాబాయ్, కామా కూడా మర్చిపోయి. "లైను చివరంటే ఫుల్‌స్టాప్ కాదు నిజమే గానీ కామా అక్కడ కన్ను ఒక్క క్షణం ఆగుతుంది ఫుల్‌స్టాప్. ఆ క్షణంలోనే ఈ మాట పైదా కిందదా అని అనుమానం పుడుతుంది ఫుల్‌స్టాప్. నువ్వు పరిగెడితే అనుమానం పుట్టదు కామా నీ రెండు అర్థాల్లో ఒక్కటీ మిగలదు ఫుల్‌స్టాప్."

"ఆగితే నా మాట మిగలదు!" అంది అమ్మాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

 బాబాయ్ రబ్బరు తీసుకుని తన గుర్తులన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఒక పేజీని గుర్తుల్లేకుండా వదలడం అదే మొదటిసారి. ఆయన నోట్లోంచి కూడా గుర్తులు మాయమయ్యాయి.

"చూడు. గుర్తుంటే, అది లేనిచోట ఆగడం తప్పు. ఇక్కడ గుర్తే లేదు. మాటకీ మాటకీ మధ్య నువ్వెక్కడ ఆగినా ఏదో ఒక అర్థం దొరుకుతుంది. లేదంటే వినేవాళ్లు తర్వాతేమిటా అని కాసేపు ఎదురుచూస్తారు. చూడనీ. వాళ్లకేం పని?"

ఆరింటికి హాలు నిండింది. అందరి చేతుల్లోనూ కవితల కాగితాలున్నాయి. మూడో వరసలో బాబాయ్, ఆయన పక్కన పిన్ని. ఆయన నోరు జారి కామా అంటాడేమోనని ఆవిడ చేతిరుమాలు మడతపెట్టి సిద్ధంగా పట్టుకుంది.

అమ్మాయి మొదటి ఆరు లైన్లు మెల్లగా, లైను చివర కాస్త నిలుస్తూ గట్టెక్కించింది. "పిలిచింది" అంది. తర్వాత "నన్ను" రావాలి. రాలేదు.

పెదవులు కదిలాయి, శబ్దం లేదు. ముందు వరసలో ఎవరో దగ్గారు. పారిపోదామా అనుకుంది. బాబాయ్ కేసి చూసింది. ఆయన రుమాలు లాక్కుని తన నోట్లో తనే కుక్కుకున్నాడు. కళ్లు మాత్రం, ఫరవాలేదు, వాళ్లని ఎదురుచూడనీ, అంటున్నాయి.

ఆమె ఎదురుచూడనిచ్చింది. ఊపిరి పీల్చుకుంది. అంతలో మాట వదిలింది. ఆ ఊపులో లైన్ల మధ్య ఆగకుండా, "నన్ను వెతుక్కుంటూ నేనే వెళ్లాను" అని ఒక్కసారిగా వచ్చేసింది.

చివరి లైను ఆమె చాలా తాపీగా చదివింది.

వేదిక దిగగానే ఒక ముసలి టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. "కాగితం మీద చదివితే అమ్మ నిన్ను వెతికిందనో, నువ్వు అమ్మని వెతికావనో అనుకున్నానమ్మా. నువ్వు 'పిలిచింది' దగ్గర ఆగేసరికి, నిన్ను నువ్వే వెతుక్కుంటూ వెళ్లావని తెలిసింది. లైను మధ్యలో ఆగాలని ఎలా తోచింది?"

"ఆ... ఆగాల్సి వచ్చిందండీ" అంది అమ్మాయి. ఆ మూడో అర్థం తన కవితలో ఉందని రాసిన ఆమెకే అప్పటిదాకా తెలీదు.

ఇంటికి నడుస్తుంటే పిన్ని నవ్వింది. "ఈయన ఇవాళ నోరు మూసుకోవడం చూశావా? పెళ్లయిన కొత్తలో ఇంట్లో ఒక్క కామా కూడా అనేవారు కాదు తెలుసా. నువ్వొచ్చిన వారంలో, భోజనాల దగ్గర నువ్వు మాట మధ్యలో ఆగితే పక్కింటి పిల్లలు నవ్వారు. మర్నాటి నుంచి ఈయన మాటమాటకీ ఆగి కామా అనడం మొదలెట్టారు. ఇంటి పెద్దే మాటమాటకీ ఆగుతుంటే నువ్వు ఆగడం ఎవరికి కనిపిస్తుంది?"

అమ్మాయి నడిరోడ్డు మీద నిలబడిపోయింది. ఇరవై ఏళ్లు! ఊరంతా నవ్వినా ఆయన మానలేదు.

"బా... బాబాయ్" అంది. ఇద్దరూ ఎప్పట్లాగే ఆగి, తొందరపెట్టకుండా చూశారు. "ఇక ఇంట్లో మానెయ్యొచ్చు. నేను ఆగినా ఫరవాలేదు."

బాబాయ్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీ కోసమే మొదలెట్టాను కామా నిజమే" అన్నాడు. "కానీ మీ పిన్ని తిట్టేటప్పుడు మధ్యలో కామా అంటే ఆవిడ ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోతోందే ఫుల్‌స్టాప్. ఇంత సదుపాయం ఎలా వదులుకోమంటావు ప్రశ్నార్థకం"

పిన్ని గరిటె కోసం ఇంటికేసి గబగబా నడిచింది.