మంచి బల్బులు

ఇర్వింగ్‌లో మా అమ్మాయి కారుకు ఒకేసారి పట్టుకున్న మూడు జబ్బుల్ని ఒక్క చూపుతో కనిపెట్టినవాణ్ణి నేను. డాష్‌బోర్డు మీద ‘బ్రేక్ ల్యాంప్ ఫాల్ట్’ అని వచ్చింది. కాలు పెట్టకుండానే కారును ఒకే వేగంతో నడిపే క్రూజ్ కంట్రోల్ మొరాయించింది. కారు జారిపోకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ కూడా సెలవు పెట్టేసింది.

ఒక్క చూపుతో అన్నది కాస్త ఎక్కువే. మొదట వెనక బ్రేక్ బల్బులు రెండూ మార్చాను. అయినా వెలగలేదు.

“బ్రేక్ పడుతోందిగా, ఆఫీస్‌కి వెళ్లిపోమ్మా,” అన్నాను.

“పడితే సరా? హైవే మీద వెనకొచ్చేవాడికి తెలియొద్దూ? పిల్లని గుద్దేస్తే?” అంటూ మా ఆవిడ తాళాలు లాక్కుని మెకానిక్‌ని ఇంటికే పిలిపించింది.

పాడైంది పెడల్ దగ్గరి స్విచ్. కాలు బ్రేక్ మీద ఉందో లేదో కారుకు చెప్పేది అదే. ఆ కబురు అందకపోతే లైట్లు వెలగవు, క్రూజ్‌కి వేగం ఎప్పుడు వదలాలో తెలియదు, స్టెబిలిటీ కూడా నమ్మకం లేక తప్పుకుంటుంది. స్విచ్ మార్చి, కారు కంప్యూటర్‌లో మిగిలిన పాత ఫాల్ట్ కోడ్‌లు చెరిపేయగానే మూడూ కోలుకున్నాయి.

“నేననుకున్నదీ అదే,” అన్నాను.

“మీరనుకున్నది బల్బులు,” అంది మా ఆవిడ. “తీసేసిన పాతవి బాగున్నవే. చెత్తబుట్టలో పడేశారు.”