శనివారం లేని పట్టిక

నన్నూ తమ్ముడినీ కన్న మా అవ్వ కనిపించే ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది. అందులో ఆమె ఉందని ఫోటో తీసినప్పుడు మా తమ్ముడికి కూడా తెలియదు.

అప్పుడు నేను జమ్మికుంటలో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. అవ్వ నా దగ్గరే ఉండేది. బాపు పోయి చాలా ఏళ్లయింది. తమ్ముడు కరీంనగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. అవ్వకు చక్కెర వ్యాధి ముదిరి, గోళీలతో ఆగదని తేలినప్పుడు, వాడే ఆమెను పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. పరీక్షలు నడుస్తున్నాయని నాకు సెలవు దొరకలేదు. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేయాలని డాక్టరు చెప్పి, ఏం తినాలో చెప్పే ఆమె గదికి పంపించాడట. ఆ గది గోడకు అద్దం బిగించిన చట్రంలో ఇంగ్లీషు పట్టిక ఒకటి ఉంది. ఇవ్వడానికి ఇంకో ప్రతి లేదు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

"రాసుకునుడెందుకక్కా, నా మెడల కెమెరా ఉండంగ?" అన్నాడు తమ్ముడు ఇంటికి వచ్చాక, ఫోటో నా చేతిలో పెడుతూ. "పలక కన్న పెద్దగ కడిగించిన. సదువుకో."

అక్షరాలు చక్కగానే వచ్చాయి. కింద ఒక మూల మాత్రం తెల్లగా మసకబారింది. ఎదురుగా వరండాలో ఎండ పడుతున్న బల్ల మీద కూర్చున్న అవ్వ అద్దంలో పడింది. కొంగు తల మీదికి లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమె తలా భుజాలూ ఉన్న చోట రెండు మూడు వరుసలు చదవడానికి రాలేదు.

"గీడ ఏం రాసి ఉండెరా?" అని అడిగాను.

"ఏమోనక్కా. ఆమె ఏదో చెప్పింది, ఉర్దూల. నేను కెమెరా సూసుకుంటున్న. సగమే ఇన్న."

"ఆ సగమన్న చెప్పు."

"అన్నీ తూకంతోని తినాలన్నది. బెల్లం, చక్కెర బందు."

అవ్వ పక్కనే బియ్యం ఏరుతోంది. "నన్ను పట్నం తోలుకపోయి గోడకు ఫోటో తీసిండే నీ తమ్ముడు," అంది. ముగ్గురం నవ్వాం.

ఆ ఆదివారం నేను వారం పట్టిక వేయడానికి కూర్చున్నాను. ఫోటోలో ఉన్నవి బ్రెడ్డు ముక్కలు, ఓట్సు, ఆపిల్ పండు. మా ఇంట్లో ఉన్నవి జొన్నలు, బియ్యం, కందిపప్పు, పెసర్లు, బొబ్బెర్లు, మజ్జిగ. అయితే పట్టికలో ఒక పక్కన ఏ ధాన్యమైనా బరువుకు బరువు మార్చుకోవచ్చని ఉంది. అది నాకు దారి చూపింది. ధాన్యం రోజుకు తొమ్మిది ఔన్సులు, పూటకు మూడు. పచ్చి బరువు అని రాసి ఉంది కాబట్టి అన్నం కాక బియ్యాన్నే తూచాలి. ఔన్సుకు దాదాపు రెండున్నర తులాలు. కిరాణా కొట్టు నుంచి చిన్న తరాజు అడిగి తెచ్చి, పిండిని తడపకముందే తూచాను. పూట పిండికి పలచటి జొన్న రొట్టెలు రెండయ్యాయి. ఆ కొలత ఒక రేకు డబ్బాకు గీత గీసి పెట్టుకున్నాను.

సోమవారం రొట్టె, గంగవాయిల కూర పప్పు. మంగళవారం జొన్న రవ్వ ఉడికించిన గట్క, మజ్జిగ, రాత్రికి అన్నం, బీరకాయ. బుధవారం పెసర్లు వేసిన కిచ్చిడి. గురువారం రొట్టె, బొబ్బెర్లు. శుక్రవారం అన్నం, పుంటికూర. ఆదివారం పప్పుకు బదులు కోడికూర. ఆపిల్ ఉన్న చోట జామకాయ రాశాను. పిండి ఎక్కువని చామగడ్డ ఎక్కడా రాయలేదు.

శనివారం అవ్వకు ఒక్కపొద్దు. నా చిన్నప్పటి నుంచీ ఆ రోజు దీపం పెట్టాకే తినేది.

"అది ఇడిసిపెట్టమంటే మాత్రం నాకు మీ సూది వద్దు," అంది.

నేను విడిచిపెట్టమనలేదు. కూడిక చేశాను. పగటి ధాన్యంలో చాలామటుకు రాత్రికి మార్చి, మిగిలింది కూడా ఆ రాత్రే పాలు, పెసర్లతో సరిపెట్టాను. రోజు మొత్తం పట్టికలో ఉన్నంతే వచ్చింది. లెక్క కుదిరిందని నాకు సంతోషం కూడా కలిగింది. ఆ పూట నేను ఎంత శ్రద్ధగా కూర్చున్నానో నాకు గుర్తుంది. ఇంకే పని గుర్తొచ్చినా ఇంత బాధ కలగదు.

ఏడింటికి సూది. అది నేనే వేసేదాన్ని. గాజు సిరంజి ఉడకబెట్టి, తడి గుడ్డ చుట్టిన కుండలోంచి మందు సీసా తీసి వేసేదాన్ని. శనివారం కూడా అంతే మందు.

మొదటి శనివారం సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె రవికె చెమటతో తడిసి ఉంది. "ఒక్కపొద్దన్నంక కాళ్లు వణకయా?" అంది. రెండో శనివారం నన్ను చూసి మా చిన్నమ్మ పేరుతో పిలిచింది. అన్నం తిన్నాక మామూలుగా మాట్లాడింది. మూడో శనివారం ఆమె పొయ్యి దగ్గర పడి ఉంది. పిలిస్తే పలకలేదు. పక్కింటివాళ్లు పోయి డాక్టరును పిలుచుకొచ్చారు. ఆయన నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తూ, "పొద్దున ఏం తిన్నది?" అని అడిగాడు. ఏమీ తినలేదన్నాను. "సూది?" వేశానన్నాను. 

తమ్ముడు పట్నం పోయి, ఆ మూలన ఉన్న వాక్యాలు చేత్తో రాసుకొచ్చాడు. సూది వేసిన అరగంటలోపు తినాలి. ఏ పూటా మానకూడదు. ఉపవాసం ఉండేవారు ముందుగా డాక్టరుకు చెప్పాలి. కాగితం ఇస్తూ వాడు నా ముఖం చూడలేదు. సగమే విన్నవాడు వాడు. మిగతా సగం ఎవరినీ అడగనిదాన్ని నేను.

అవ్వ బతికింది. కానీ చాలాసేపు అలా పడి ఉండటం వల్ల మెదడు దెబ్బతిన్నదన్నారు. మనుషులను గుర్తుపట్టేది, పాత సంగతులు చెప్పేది. ఈ రోజు ఏ వారమో మాత్రం ఆమె దగ్గర నిలిచేది కాదు. ఇక ఒక్కపొద్దు వద్దని డాక్టరు చెప్పాడు, ఆమె మాత్రం దాన్ని మరిచిపోలేదు. రోజూ పొద్దున సూది వేయగానే అడిగేది.

"ఇయ్యాల శనివారమానే?"

శనివారం నాడు మొదటిసారి నిజం చెప్పాను. నోరు బిగించుకుంది. మందు అప్పటికే ఒంట్లో ఉంది. చక్కెర నీళ్ల గిన్నె పట్టుకుని గంటసేపు బతిమాలి, కాళ్ల మీద పడితే తాగింది. ఆ వారమే పట్టిక తిరగరాశాను. అందులో శుక్రవారాలు రెండు. శనివారం మాట ఇంట్లో ఎవరూ అనకూడదని పక్కింటివాళ్లకు కూడా చెప్పాను. తమ్ముడు గోడ మీది క్యాలెండర్ తీసేశాడు, ఆమెకు చదువు రాదని తెలిసి కూడా.

రెండేళ్లు అట్లా గడిచాయి. రొట్టె విరిచి పెడుతూ, "శుక్రవారమే అవ్వా" అనేదాన్ని. ఆమె తినేది. జీవితమంతా నా దగ్గర ఏదీ దాచని మనిషికి, ఆమె దేవుడి సంగతిలో, వారం వారం అబద్ధం చెప్పాను.

చివరి చలికాలంలో ఒకనాడు శనివారమా అని అడగకుండా నా చేతిలో కంచం చూసింది. తర్వాత అంది:

"శుక్రవారం ఎన్ని దినాలుంటదే బిడ్డా?"

కంచం ఆమె ముందు పెట్టాను.

"నువ్వు పెట్టినవని తింటున్న. పాపం నీదే."

"నాదే అవ్వా," అన్నాను.

సరేనన్నట్టు తలూపి, ఒక్క రొట్టె తిని, రెండోది నా వైపు జరిపింది. పూటకు మూడు ఔన్సులు. ఆ సగం కూడా తినమని నేను మళ్లీ బతిమాలడం మొదలుపెట్టాను.