సారీ చెప్తే చెట్టు లేస్తదా

స్తుతికి తన మేనేజరు సాయికిరణ్ అంటే ఒళ్లు మంట. సెలవులు ఇవ్వనందుకు కాదు, జీతం పెంచనందుకు కాదు. ఆయన క్షమాపణ చెప్పే తీరుకు.

దమ్మపేటలో పామాయిల్ రైతులకు సలహాలిచ్చే ఒక ప్రైవేటు కంపెనీ ఆఫీసు వాళ్లది. స్తుతి అక్కడ ఫీల్డ్ ఆఫీసరు. రైతు తన చెట్టును ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు, ఏమైందో చూసి వీళ్లు చెప్పాలి. పని అంతే. ఒక్కోసారి జవాబు ఆలస్యమవుతుంది, ఎవరికైనా అవుతుంది. సాయికిరణ్‌కు మాత్రం ఆలస్యమైతే పండగే. "గౌరవనీయులైన రైతు సోదరులకు శతకోటి వందనాలు. తమరి అమూల్యమైన సందేశానికి సకాలంలో స్పందించలేకపోయిన మా అపరాధాన్ని పెద్దమనసుతో మన్నించి" అని ఎత్తుకుంటాడు. కరెంటు పోయిన సంగతి, సిగ్నల్ లేని సంగతి, తనకు పట్టిన జలుబు, మేనత్తకు జరిగిన ఆపరేషన్ అన్నీ ఏకరువు పెడతాడు. దండాల బొమ్మలు వరసగా పేరుస్తాడు. చిట్టచివర ఎక్కడో ఒక మూల, రైతు అడిగినదానికి జవాబు పడేస్తాడు.

ఆ మూల దాకా వెళ్లే ఓపిక పూల్‌సింగ్‌కు లేకపోయింది. నిరుడు వానల్లో అతని చెట్లకు మొవ్వు కుళ్లు తెగులు పట్టింది. కుళ్లిన భాగం తీసేసి బోర్డో పేస్టు అనే మందు పూయమని సాయికిరణ్ రాశాడు, కాకపోతే జలుబు తర్వాత, మేనత్త తర్వాత. పూల్‌సింగ్ మొదటి రెండు లైన్లు చూసి, కంపెనీవాళ్లు పండగ శుభాకాంక్షలు పెట్టారనుకుని ఫోను జేబులో వేసుకున్నాడు. చెట్లు చచ్చాయి. దానికి కూడా సాయికిరణ్ ఇంకో క్షమాపణ రాశాడు, మొదటిదానికంటే పొడుగ్గా.

స్తుతి పెరిగిన ఇంట్లో ఈ తతంగం లేదు. వాళ్లమ్మ ముత్యాలమ్మ బూర్గంపాడులో ఒక దవాఖానాలో ఆయా. పేషెంటు పిలిచి పిలిచి అలిసిపోయాక వచ్చినా, "లేటైంది, తప్పు నాదే. నీళ్లా, బెడ్‌పానా?" అనేది. అంతే. పడుకున్నవాడికి కావలసింది నీళ్లు. ఆయమ్మ ఎందుకు రాలేకపోయిందో విని వాడేం చేసుకుంటాడు? స్తుతికి అమ్మ నుంచి వచ్చిన ఆస్తి అదొక్కటే. ఆ ఆస్తిని చూసుకుని ఆమెకు కొంచెం పొగరు కూడా.

ఆ పొగరు దిగే రోజు వచ్చింది. పినపాక దగ్గర రైతుల మీటింగులో ఉండగా జంపయ్య ఫోన్ చేశాడు. దమ్మపేటలో గెలలు తూకం వేసేది అతనే.

"మేడం, బసవపున్నయ్య సారు తోట మొత్తం పీకిస్తండట. జేసీబీ వచ్చింది. అన్నీ మగపూలే వస్తున్నయట, కాపే లేదట. మిమ్మల్ని అడిగితే జవాబియ్యలేదని అందరి ముంగట తిడుతుండు."

స్తుతి గబగబా వాట్సాప్ వెతికింది. ఉంది. నెల దాటింది. తోట ఫొటోలు, కింద ఒకే ప్రశ్న: చెట్లు ఉంచాలా, తీసేయాలా? తను చదివినట్టు నీలం టిక్కులు కూడా ఉన్నాయి. స్వయంగా వెళ్లి చూసి చెబుదామనుకుంది. తర్వాత మరిచిపోయింది.

బసవపున్నయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కంపెనీ వాళ్ల ఫోన్లు ఎత్తడం ఆయన మానేసి చాలా రోజులైంది. బైకు మీద బయల్దేరినా చేరేసరికి పొద్దు గూకుతుంది. సాయికిరణ్‌కు చెబితే ఆయన హడలిపోయాడు.

"ఆయన పెద్ద రైతు, స్తుతీ! ముందు కాళ్ల మీద పడాలె. నేను డ్రాఫ్ట్ పంపిస్తున్న, అదే పెట్టు."

డ్రాఫ్ట్ వచ్చింది. శతకోటి వందనాలు వచ్చాయి. ఈసారి సాక్షాత్తూ సీతారాములను కూడా దించాడు మహానుభావుడు. చెట్ల సంగతి కోసం స్తుతి ఎంత కిందికి జరిపినా దొరకలేదు, ఎందుకంటే అందులో లేదు. అవతల జేసీబీ ఇంజను ఆడుతుంటే ఇవతల ఈ మనిషి విశేషణాలు వెతుక్కుంటున్నాడు. ఛీ అనుకుని దాన్ని తుడిచేసింది.

తను రాయబోతే తన వేలు కూడా "వరస ఫీల్డ్ విజిట్ల వల్ల" అని మొదలుపెట్టింది. స్తుతికి తన మీద తనకే రోత పుట్టింది. ఫోన్ తెరిచినా తెరవకపోయినా పైన కనబడేవి మొదటి రెండు లైన్లే. అందులో ఉండాల్సింది తన విజిట్లా, ఆయన చెట్లా? అది కూడా కొట్టేసి రాసింది.

"పున్నయ్య గారూ, జవాబు చాలా ఆలస్యం చేశాను. తప్పు నాది, క్షమించండి. చెట్లు తీయించకండి, అవి గొడ్డుపోయినవి కావు. నిరుడు గెలలు కోసిన గుర్తులు మీ ఫొటోల్లోనే ఉన్నాయి. రెండేళ్ల కింద ఎండకు నీళ్లు చాలక ఇప్పుడు మగపూలు వస్తున్నాయి. ఎండాకాలం చెట్టుకు రోజుకు రెండువందల లీటర్లు తగ్గకుండా ఇవ్వండి. కొట్టిన ఆకులు పాదుల్లో పరవండి. ఆడపూలు మళ్లీ వస్తాయి, కానీ టైం పడుతుంది. రేపు పొద్దున తోటకు వస్తాను."

టిక్కులు నీలమయ్యాయి. జవాబు మాత్రం రాలేదు.

పొద్దున్నే తోటకు వెళ్లేసరికి జేసీబీ ఒక పక్కన ఆగి ఉంది. చెట్లు నిలబడే ఉన్నాయి, ఒక్క వరస తప్ప. ఆ వరస నేల మీద ఉంది. వెనకాలే కారులో వచ్చిన సాయికిరణ్ దిగుతూనే వంగిపోయాడు.

"సార్, తమరు మమ్మల్ని చెప్పుతో కొట్టినా తప్పులేదు సార్. మా సిబ్బంది నిర్లక్ష్యానికి నేను సిగ్గుతో తల..."

"ఏవయ్యా," అన్నాడు బసవపున్నయ్య. వాళ్లది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. "పూల్‌సింగ్ చెట్లు చచ్చినప్పుడూ ఇట్టాగే వంగావంట. లేచి పక్కకి నిలబడు, ఎండ తగలనీ. నువ్వు రామ్మాయ్."

పడిపోయిన చెట్టు దగ్గరికి తీసుకెళ్లి గొంతుక్కూర్చున్నాడు. ఆకు మట్టల సందులోంచి అప్పుడే బయటపడుతున్న చిన్న పూగుత్తి ఒకటి చూపించాడు.

"ఇది ఆడదేనా?"

స్తుతి వంగి చూసింది. కాదని చెప్పాలనిపించింది.

"అవ్ సార్. ఆడదే. నేను జల్ది చెప్పుంటే ఈ వరస మిగిలేది."

ఆయన నేల మీది వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

"ఈ మొద్దులు గిట్లనే పడుంటే కుళ్లి కొమ్ము పురుగు పుడ్తది సార్," అంది. "ఉన్న చెట్ల మీద పడ్తది. ఇయ్యాలనే ముక్కలు కొట్టించి ఎండబెట్టాలె."

బసవపున్నయ్య ఆమె వంక ఓసారి ఎగాదిగా చూశాడు.

"ఇంకోసారి సారీ చెబుతావేమో అనుకున్నా."

"చెప్తే చెట్టు లేస్తదా సార్?"

"లేవదు," అన్నాడాయన. పూగుత్తిని వేలితో ఒకసారి తాకి, కండువా దులుపుకుని లేచాడు. "సరే పద. డ్రిప్పు చూద్దువుగాని."