మన్మథరావు గారి దసరా సర్క్యులరు

నర్సీపట్నం రోడ్ల ఆఫీసులో హెడ్ గుమాస్తా మన్మథరావు గారికి ఉన్న ఒకే ఒక్క సరదా పండగ సర్క్యులరు. ఏడాదంతా ఆయన రాసేవి మెమోలు, జవాబులు, జవాబు రాలేదని రిమైండర్లు. దసరా ముందు మాత్రం ఆ కలం కాస్త మెత్తబడేది. ఆయుధపూజ రోజున రోడ్డు రోలరుకీ, జీపుకీ, కొలత గొలుసులకీ, టైపు మిషనుకీ పసుపు కుంకుమలు పెట్టి, మధ్యాహ్నం అందరూ ఆఫీసు వరండాలో కూర్చుని భోంచేసేవారు. ఆ పిలుపు ఆయనదే. గుమాస్తాల నుంచి ఏజెన్సీ రోడ్డు మీద రాళ్లు కొట్టే గ్యాంగు కూలీల వరకూ అందరికీ అదే కాగితం.

కాగితం ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది. “అమ్మవారి కటాక్షం మన అందరిపైనా ప్రసరించుగాక. సిబ్బంది అందరూ కుటుంబ సమేతంగా విధిగా హాజరై పూజలో పాల్గొనవలెను.” శుభాకాంక్షలో ‘విధిగా’ ఏమిటని ఎవరూ అడగలేదు. హెడ్ గుమాస్తాని ఎవరడుగుతారు?

అడగని వాళ్లలో తాతబ్బాయి ఒకడు. జూనియర్ గుమాస్తా, ముప్ఫై ఏళ్ల వాడు. పూజ జరిగేటప్పుడు చివర స్తంభం పక్కన నిలబడేవాడు. ప్రసాదం చేతిలో పెడితే కాదనకుండా కాగితంలో చుట్టుకునేవాడు. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది దసరానాడు ఆ పొట్లం తాతబ్బాయి బల్ల మీదే ఉండిపోవడం మన్మథరావు గారి కంట పడింది. మొదట కోపం వచ్చింది. తర్వాత కారణం తట్టింది. తాతబ్బాయి భార్య సువర్ణమ్మ క్రైస్తవ మిషను వాళ్ల పిల్ల. క్రిస్మసు రోజుల్లో ఒకసారి చర్చి గేటు దగ్గర ఎవరో ఇతన్ని “దావీదు” అని పిలవడం ఆయన చెవిన పడింది కూడా. ఇన్నేళ్లుగా ఒక మనిషిని విధిగా నిలబెట్టానే అని ఆయన మనసు చివుక్కుమంది. మన్మథరావు గారు మంచివారే. అసలు ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

మరుసటి ఏడు ఆయన కొత్తగా రాశారు. మూడు రోజులు చిత్తుప్రతి దిద్దారు. ‘విధిగా’ కొట్టేశారు, బాగానే ఉంది. ఆ కింద ఇలా చేర్చారు:

“మన క్రైస్తవ సోదరుడు దావీదు (తాతబ్బాయి) గారికీ వారి కుటుంబానికీ ప్రత్యేక ఆహ్వానం. వారు పూజలో పాల్గొనకపోయినా భోజనానికి తప్పక రావలెను.”

టైపిస్టు లోవరాజు స్టెన్సిల్ కొడుతూ ఆగాడు.

“ఇదేటండి, పేరెట్టి మరీ రాసీసేరు?”

“నీకు ప్రత్యేకంగా పిలుపు రాలేదని కుళ్లా?”

“నాకెందుకండి. మనోడు ఊళ్లో లేడు కదా, వొచ్చాక ఓ మాటడిగితే బాగుండును.”

“అడిగి పెడితే సంతోషమేముందిరా. కొట్టు బేగి.”

తాతబ్బాయి అప్పుడు చింతపల్లి రోడ్డు పని మీద ఉన్నాడు. స్టెన్సిలు సైక్లోస్టయిలు మిషను మీద తిరిగింది. నలభై కాపీలు వచ్చాయి. ఒకటి నోటీసు బోర్డుకి, కొన్ని గ్యాంగులకి, మామూలు ప్రకారం ఒకటి యలమంచిలి పై ఆఫీసుకి వెళ్లాయి.

రెండో రోజు తాతబ్బాయి బస్సు దిగి నేరుగా ఆఫీసుకొచ్చాడు. బోర్డు ముందు ఆగి రెండుసార్లు చదివాడు. ఆ కాగితం పీకి, మడిచి, రికార్డు గదిలో ఉన్న మన్మథరావు గారి దగ్గరికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

“నానేటి సేసేనండి మీకు?”

మన్మథరావు గారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. “నచ్చలేదా? నీ కోసమే రాశానోయ్.”

“నా సర్వీసు రిజిస్టరు మీ బీరువాలోనే కదండి ఉంటాది. కులం గడిలో ఏటి రాసుందో సూడండి ఓసారి.”

చూడక్కర్లేదు. ఆ గడి నింపింది ఆయన చెయ్యే. హిందూ, షెడ్యూల్డు కులం. ఆ కోటాలోనే తాతబ్బాయికి ఉద్యోగం వచ్చింది. బాప్తిస్మం ఆ తర్వాత, పెళ్లినాటిది. ఊరందరికీ తెలుసు, కాగితానికి మాత్రం తెలీదు. మతం మారినట్టు కాగితం మీద పడితే కులం సర్టిఫికెట్ చెల్లదు, విచారణ వస్తుంది, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఇప్పుడు హెడ్ గుమాస్తా సంతకంతో, ఆఫీసు ముద్రతో పడింది.

మన్మథరావు గారు నవ్వు ఆపి బీరువా మీద చెయ్యి వేశారు.

“నేను... నిన్ను కలుపుకుందామనే రాశానురా.”

“అందర్లోంచి లాగీసి, ఇవతల నిలబెట్టి, అప్పుడు కలుపుతారేటండి? సిబ్బంది అందరికీ అంటే అందులో నాను లేనా? నాకు పూజ గొడవ లేదండి. రమ్మనండి, రాకపోతే ఎందుకు రాలేదని అడక్కండి. అంతే. నానెవర్నో నాను సెప్పుకుంటాను, సెప్పుకునే రోజొస్తే.”

ఆ పూటే ఆయన మళ్లీ రాశారు. ఈసారి తాతబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని రాశారు.

“మనలో దసరా చేసుకునే వారందరికీ శుభాకాంక్షలు. ఈ ఏడాది వానల్లో రోడ్డు తెగకుండా కాపాడిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. ఆయుధపూజ ఉదయం పది గంటలకు, ఇష్టమున్న వారికి. భోజనం పన్నెండున్నరకు, అందరికీ. రెండింటికీ రావచ్చు, ఒకదానికే రావచ్చు, వీలుకాకపోతే మానవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. ప్రసాదం బల్ల మీద ఉంటుంది, కావలసిన వారు తీసుకోవచ్చు. ఎవరి పండగకు వారు సెలవు కోరితే ఇదే ఆదరంతో చూడబడును.”

తాతబ్బాయి చదివి, “ఇది బాగుందండి” అన్నాడు. అని ఊరుకున్నాడు. నలుగురి ముందు ఇలాంటి కాగితం మొదటే వచ్చుంటే అతను ఎంత పొంగిపోయేవాడో ఆ ఊరుకోవడంలోనే కనిపించింది.

మర్నాడు పొద్దున్నే మన్మథరావు గారు బస్సెక్కి యలమంచిలి వెళ్లారు. అక్కడి టపా గుమాస్తా సర్క్యులరు బయటికి తీశాడు. దాని మీద అప్పటికే నెంబరు, తేదీ పడ్డాయి.

“పొరపాటు కాపీ అండి. సరైంది తెచ్చాను, అది ఇచ్చేయండి.”

“నెంబరు పడిపోయింది కదండి, ఎలా ఇస్తాను? ఇది కూడా పెడతాను దాంతోపాటు.” పిన్ను గుచ్చుతూ అతను అడిగాడు. “ఇంతకీ ఈ తాతబ్బాయికి దావీదు పేరెక్కడిదండి? మీ లిస్టులో ఆ పేరు లేదే?”

మన్మథరావు గారు పాతికేళ్ల ఉద్యోగంలో మొదటిసారి తలొంచుకుని, “టైపు తప్పు” అన్నారు. టపా గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు ఏమిటో తిరుగు బస్సులో ఎంత ఆలోచించినా ఆయనకి తేలలేదు. కాగితానికి నెంబరు పడిపోయిన సంగతి మాత్రం దిగగానే తాతబ్బాయికి చెప్పారు.

దసరా వచ్చింది. కొత్త సర్క్యులరు బోర్డు మీద ఉంది. గ్యాంగులో ఇద్దరు పూజకి రాకుండా నేరుగా భోజనానికే వచ్చారు, ఎవరూ ఏమీ అడగలేదు. కాగితం చెప్పినట్టే అన్నీ జరిగాయి, ఒక్కటి తప్ప.

పది కాకుండానే తాతబ్బాయి వచ్చాడు. కొత్త చొక్కా, నుదుట నిలువుబొట్టు. వెనక సువర్ణమ్మ, కొంగు నిండుగా కప్పుకుని, ఆవిడ నుదుట కూడా కుంకం. ఎవరూ పిలవకుండానే అతను ముందుకొచ్చి, రోలరు చక్రం దగ్గర కూర్చుని కొబ్బరికాయ కొట్టాడు. హారతి కళ్లకద్దుకున్నాడు. సువర్ణమ్మ నేల చూపులు చూస్తూ నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, ఏ ప్రార్థనో.

మన్మథరావు గారు దగ్గరికెళ్లి గొంతు తగ్గించి, “వద్దురా, రాశాను కదా, ఇష్టమున్నవారికేనని” అన్నారు.

“ఇష్టమేనండి” అన్నాడు తాతబ్బాయి, ఆయన మొహం చూడకుండా.

ఏటా వచ్చే ఫోటోవాడు కెమెరా స్టాండు సర్ది అందర్నీ రోలరు ముందు నిలబెట్టాడు. ఎప్పుడూ చివర్న ఉండే తాతబ్బాయి ఈసారి మధ్యలోకి వచ్చి, బొట్టు చెదిరిందేమోనని వేలితో సరిచూసుకున్నాడు.

“నా మొహం సరిగ్గా పడతాదా బాబూ?” అని ఫోటోవాణ్ణి అడిగి, మన్మథరావు గారి వైపు తిరిగాడు. “ఓ కాపీ యలమంచిలి పంపించండి. నెంబరేయించి మరీ.”