తెర మీది బాంబు ఒక్కసారే మెరవాలి

మా జిల్లాలో నిజం బాంబులు తగ్గేకొద్దీ తెర మీద బాంబులు పెరిగాయి. దీన్ని అభివృద్ధి అనేవాళ్లను అననివ్వండి. నాయకుడు కారు దిగగానే ప్రచార వ్యాను ఎల్ఈడీ తెర మీద బాంబు పేలాలి, పొగలోంచి ఆయన బొమ్మ నడిచి రావాలి. దాన్ని ఎంట్రీ బిట్ అంటారు. ఎవరి బిట్ ఎక్కువ మెరిస్తే వాళ్లకే బలం ఎక్కువని కార్యకర్తల లెక్క.

ప్రొద్దుటూరులో ఇలాంటి బిట్లు చేసేది ఖమ్రున్నీసా. తండ్రి కువైట్‌లో డ్రైవరు. హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకుని వచ్చి, పెళ్లి వీడియోల్లో పేర్ల చుట్టూ పూలు తిప్పుతూ బతికింది. ఎన్నికలొచ్చాక పూల స్థానంలో బాంబులు. ఆమెకు పెద్ద తేడా కనిపించలేదు. ఒక్క విషయంలో మాత్రం పట్టు విడిచేది కాదు: తెర నిండా వెలుగూ చీకటీ గబగబా మారకూడదు. సెకనుకు మూడు మెరుపులు దాటితే కొందరికి మూర్ఛ రావచ్చు. ముదురు ఎరుపైతే ఇంకా ప్రమాదం.

ఆమె ఇచ్చిన బిట్ వ్యాను ఆపరేటర్ వలి బాషాకు చప్పగా తోచింది. తనే ఎరుపూ నలుపూ టపటపా కొట్టుకునే ఎఫెక్ట్ ఒకటి తగిలించాడు. జమ్మలమడుగులో సందెవేళ దాన్ని వేసి చూస్తుంటే, తెర ముందు నిలబడ్డ దస్తగిరి కొయ్యబారి కింద పడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఎవరో పరిగెత్తుకొచ్చి చేతిలో తాళాలు పెట్టారు. తాళాలతో ఏదీ ఆగదు. కాసేపటికి దానంతటదే ఆగింది.

దస్తగిరి అంటే నాయకుడి వెంట తుపాకితో తిరిగే మనిషి. ఫ్యాక్షన్ రోజుల్లో ఎదురుగా బాంబు పడినా కదలలేదని పేరు. ప్రచారం బాధ్యత కూడా అతనిదే. తెల్లారేసరికి అవతలి పార్టీవాళ్లు పాట కట్టేశారు: బొమ్మ బాంబుకు పడిపోయిన మొగోడు!

అతను నేరుగా ఖమ్రున్నీసా షాపుకొచ్చాడు.

"అమ్మీ, దానికంటే గట్టిగా కొట్టేది చెయ్. పులివెందుల మీటింగులో అందరి ముందర నిలబడి చూస్తా."

"చెయ్యను మామా."

"యాల? నేను బయపడినానని నువ్వు గూడా అనుకుంటాండావా?"

"బయం కాదు మామా. ఆ ఎలుగు కంట్లోంచి మెదడుకు పోయి ఆడ గందరగోళం చేస్తాది. దానికి ధైర్యంతో పనేముంది? ఇంతకుముందెప్పుడన్నా పడినావా?"

దస్తగిరి బయటికి చూశాడు. "సిన్నప్పుడు పడినా. టీవీ బొమ్మ ఎగురుతాంటే ఒగసారి. మాయమ్మ సక్కరొచ్చి కండ్లు తిరిగినాయని చెప్పె. ఎవురికన్నా తెలిస్తే తుపాకిస్తారా?"

అసలు సంగతి అది. ముప్పై ఏళ్లుగా అతను దాచింది పిరికితనం కాదు, జబ్బు. మా దగ్గర రెండింటికీ పడే శిక్ష ఒకటే.

ఖమ్రున్నీసా ఓదార్చలేదు. పని మాట అడిగింది. "మామా, నిజం బాంబు ఎన్నిసార్లు మెరుస్తాది?"

"అదేం పిచ్చి మాట? ఒగసారే. ఆమీద అంతా దుమ్మే. చెవులు దిమ్మెక్కుతాయి. మనిషి కనపడడు."

ఆమె అదే చేసింది. మెత్తగా లేచి ఆరిపోయే ఒక్క వెలుగు, అదీ తెరలో ఓ మూల. తరువాత దుమ్ము. నిశ్శబ్దం. దుమ్ములోంచి నాయకుడు. ఒక్కో ఫ్రేమూ కదిలించి సరిచూసుకుంది. వలి బాషా దగ్గర ఎఫెక్టులు తుడిపించింది గానీ, ఎర్ర మెరుపుల పాత బిట్ అతని పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోయింది.

పులివెందులలో నాయకుడి కారు రాకముందే కుర్రకారు కేకలు మొదలుపెట్టారు. "ఎర్రది ఎయ్యప్పా! దస్తగిరి మామ యాడ పడతాడో చూస్తాం!"

వలి బాషా దస్తగిరి వైపు చూశాడు. "ఏది ఎయ్యమంటావ్ మామా?"

తెర ముందు చంకనెత్తుకున్న పిల్లలతో ఆడవాళ్లున్నారు. ఎర్రది వేయించి, కాపలా కాస్తున్నట్టు తెరకు వీపు పెట్టి నిలబడితే అతని పరువు దక్కేది. దస్తగిరి వ్యాను మెట్టెక్కాడు.

"కొత్తది ఎయ్. నాకు ఫిట్సుండాది. ఈ జనంలో ఇంకెవురికుండాదో మనకేం తెలుసు?"

జనం చలించిపోయి చప్పట్లు కొట్టారని రాస్తే అబద్ధం. ఒకడు నవ్వాడు. చాలామందికి వినపడనే లేదు. కొత్త బిట్ పడింది, తెర మీద దుమ్ము లేస్తే జనం మెడలు చాచి చూశారు, నాయకుడు నడిచొచ్చాడు.

ఆ వారమే తుపాకి వేరేవాడి భుజానికి మారింది. దస్తగిరి కడప డాక్టరు రాసిచ్చిన మాత్రలు పట్టుకుని షాపుకొచ్చాడు.

"నీ మాట ఇని ఉన్న కొలువు పోగొట్టుకుంటి గదమ్మీ."

"తుపాకి చేతిలో ఉండంగా పడింటే మామా?"

"అదే మాట నాయకుడూ అనె," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "అనిండేది ఆయప్ప కాబట్టి ఊరుకుంటి. నువ్వన్నందుకు మాత్రం టీ తెప్పీ."